శ్వాస లెక్కతో ధ్యాసకు సాధన: నాలుగు వారాలు ఎలా చేయాలి, ఫలితాన్ని ఎలా తేల్చుకోవాలి

మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం చేస్తే ఏకాగ్రత నిజంగా పెరుగుతుందా, పెరిగిందని ఎలా తెలుస్తుంది అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. మొదటి ప్రశ్నకు యాప్‌లూ వీడియోలూ ధారాళంగా జవాబు చెబుతున్నాయి కానీ, రెండవదాని జోలికి దాదాపు ఎవరూ వెళ్లడం లేదు. "మనసు ప్రశాంతంగా ఉంటోంది" అన్న మాట ధ్యాస మెరుగుపడిందనడానికి రుజువు కాదు. పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి కళ్లు మూసుకున్న ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అందువల్ల ఇక్కడ శ్వాసను లెక్కపెట్టడం అనే ఒక్క సాధననే తీసుకుని, దాన్ని ఇంట్లో ఎలా చేయాలో, ఫలితాన్ని అంకెల్లో ఎలా చూసుకోవాలో వివరిస్తున్నాను.

ఈ సాధననే ఎంచుకోవడానికి కారణం ఉంది. మైండ్‌ఫుల్‌నెస్ అధ్యయనాల్లో చాలావాటిలో అభ్యాసకులే ప్రశ్నావళి నింపి, తమ ధ్యాస ఎలా ఉందో తామే చెప్పుకుంటారు. ధ్యానం నేర్చుకున్న వ్యక్తి తనకు మేలు జరిగిందని రాయడం సహజమే గనుక ఆ జవాబుల మీద పూర్తిగా ఆధారపడలేము. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో దీనికి ఒక పరిష్కారం చూపారు. శ్వాసలను ఒకటి నుంచి తొమ్మిది వరకు లెక్కపెడుతూ, ఎనిమిదో శ్వాస వరకు ఒక మీట, తొమ్మిదో శ్వాసకు మరో మీట నొక్కమన్నారు. మనసు ఎటో పోతే ఎనిమిదో శ్వాసకో పదో శ్వాసకో రెండో మీట పడుతుంది, తప్పు దానంతట అదే బయటపడుతుంది. నాలుగు వందల మందికి పైగా పాల్గొన్న ఆ అధ్యయనాల్లో లెక్క సరిగా ఉంచగలిగినవారికి మనసు పక్కదారి పట్టడం తక్కువగా ఉన్నట్టు కనిపించింది. నాలుగు వారాలు ఈ లెక్కనే అభ్యాసం చేసినవారిలో ఆ పక్కదారి పట్టడం మరికొంత తగ్గింది కూడా.

కంప్యూటరూ మీటలూ లేకుండా ఇదే పరీక్షను నూట ఎనిమిది పూసల మాలతో చేసుకోవచ్చు. తొమ్మిదిని పన్నెండుతో హెచ్చవేస్తే నూట ఎనిమిది వస్తుంది గనుక మాల మనకు చక్కగా సరిపోతుంది. అయితే మాల పద్ధతి నేను ఇంటి వాడుకకు అనువుగా మార్చుకున్నదే తప్ప ప్రయోగశాలలో నిర్ధారించినది కాదని గుర్తుంచుకోండి.

ముందుగా ఒక హెచ్చరిక

తీవ్రమైన దిగులు, గతంలోని భయానక సంఘటనల తాలూకు జ్ఞాపకాలు, లేనివి వినిపించడం, కనిపించడం వంటి ఇబ్బందులు ఉన్నవారు డాక్టరును అడగకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. ధ్యానం ఎవరికీ ఏ హానీ చేయదన్న మాట సరికాదు. అంతకు ముందు వచ్చిన అధ్యయనాలను 2020లో కలిపి చూసినప్పుడు, ధ్యానం చేసేవారిలో సుమారు ఎనిమిది శాతం మందిలో ఏదో ఒక ప్రతికూల అనుభవం నమోదైనట్టు తేలింది; వాటిలో ఆందోళన, దిగులు ముఖ్యమైనవి. శ్వాస మీద దృష్టి పెట్టగానే ఊపిరి ఆడనట్టు అనిపించేవారు, ఉబ్బసం ఉన్నవారు శ్వాసకు బదులు అరికాళ్లు నేలకు తగిలే స్పర్శను గమనిస్తూ, నెమ్మదిగా అడుగులు వేస్తూ అడుగులను లెక్కపెట్టవచ్చు. కూర్చున్న ప్రతిసారీ బెదురు పెరుగుతూ ఉంటే మానేయండి. మాట్లాడటానికి మనిషి కావాలనుకుంటే ప్రభుత్వ టెలీ-మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు.

కావలసినవి

- నూట ఎనిమిది పూసల మాల ఒకటి. పూజలో వాడే జపమాలను ఇందుకు వాడటం మీకు ఇష్టం లేకపోతే, దారానికి గుండీలో చెక్కపూసలో గుచ్చుకున్నా చాలు.
- కాస్త మందమైన దారం ముక్కలు పదకొండు.
- గుప్పెడు చింతపిక్కలు, గుప్పెడు శనగలు, వాటికి రెండు చిన్న గిన్నెలు, ఒక ఖాళీ పళ్లెం.
- ఒక నోటుపుస్తకం. యాప్ అవసరం లేదు.

చేసే విధానం

1. మాలను సిద్ధం చేయండి. మేరుపూస పక్క పూస నుంచి లెక్కపెట్టి, ప్రతి తొమ్మిదో పూస తరువాత ఒక దారం ముక్క కట్టండి. పన్నెండో భాగం చివర మేరుపూసే ఉంటుంది గనుక అక్కడ దారం అక్కర లేదు. కళ్లు మూసుకున్నా బొటనవేలికి దారం స్పష్టంగా తగలాలి. సన్నని దారం కడితే దాన్ని దాటిపోయి, లేని తప్పు లెక్కలో పడుతుంది.

2. పరీక్ష ఎలా జరుగుతుందో నేర్చుకోండి. వెన్ను నిటారుగా ఉంచి కుర్చీలోనో చాప మీదో కూర్చోండి. మాల కుడిచేతిలో, గిన్నెలూ పళ్లెమూ ఎడమచేతికి అందేంత దూరంలో ఉండాలి. గాలి బయటికి వెళ్లిన ప్రతిసారీ ఒక పూస జరుపుతూ, మనసులో ఒకటి, రెండు అని తొమ్మిది దాకా లెక్కపెట్టండి. దారం తగిలే సమయానికి మనసులో తొమ్మిది ఉంటే ఆ భాగం సరైనది. ఏమీ చేయకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. దారం తగిలినప్పుడు మనసులో ఏడో పదకొండో ఉంటే, లేదా అప్పటికి ఎంతయిందో తెలియకపోతే, మీకు తెలియకుండానే ధ్యాస జారిందన్నమాట. పళ్లెంలో ఒక శనగ వేయండి. దారం రాకముందే "అరె, లెక్క తప్పింది" అని మీకే తెలిస్తే ఒక చింతపిక్క వేసి, దారం తగిలేదాకా లెక్క లేకుండా పూసలు జరుపుతూ వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ఒకటితో మొదలుపెట్టండి. మాల పూర్తయ్యాక పన్నెండులోంచి గింజల మొత్తాన్ని తీసేస్తే మీ మార్కు వస్తుంది. విశ్రాంతిగా ఉన్నవారికి మాల పూర్తి కావడానికి సాధారణంగా ఏడు నుంచి తొమ్మిది నిమిషాలు పడుతుంది. మొదటి రెండు మాలలు చేయి అలవాటు పడటానికే గనుక వాటి మార్కులు రాయవద్దు.

3. సాధనకు ముందు మీ స్థాయిని నమోదు చేయండి. దీనికి ఆరు రోజులు పడుతుంది. రోజు విడిచి రోజు మామూలుగా ఒక మాల చేయండి. మిగిలిన మూడు రోజులూ పందెం కాసి చేయండి. ఉదాహరణకు ఇంట్లో ఒకరి చేతిలో రెండు వందల రూపాయలు పెట్టి, పది మార్కులు వస్తేనే తిరిగి ఇవ్వమని చెప్పండి. ఇది తమాషా కోసం కాదు. కోపెన్‌హాగెన్‌లో జరిగి 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఏ శిక్షణా పొందని కొందరికి ధ్యాస పరీక్ష బాగా చేస్తే డబ్బు ఇస్తామని చెబితే, కొన్ని అంశాల్లో వారు కూడా ధ్యానం నేర్చుకున్నవారితో సమానంగా మెరుగయ్యారు. అంటే కొన్ని పరీక్షల్లో కనిపించే పెరుగుదల సామర్థ్యానిది కాకుండా పట్టుదలది కావచ్చు. పందెం రోజుల మార్కు చేతిలో ఉంటే ఆ రెండింటినీ కొంతవరకు విడదీయవచ్చు.

4. మీ అసలు పనిలో ధ్యాసను కూడా కొలవండి. మీరు మెరుగుపరుచుకోవాలనుకుంటున్నది శ్వాస లెక్కను కాదు కదా. చదువో, ఆఫీసు పనో తీసుకోండి. ఇరవై నిమిషాల్లో మీకు తెలియని ఆరు సమయాలకు అలారం మోగేలా ఇంట్లో ఎవరినైనా పెట్టమనండి. మోగిన ప్రతిసారీ ఆ క్షణంలో మనసు పేజీ మీద ఉందో లేదో నిజాయతీగా "ఉంది" లేదా "లేదు" అని రాయండి. రెండు రోజులు చేస్తే మొత్తం పన్నెండు నమోదులు వస్తాయి. అలారాలు మీరే పెట్టుకుంటే సమయం దగ్గరపడగానే జాగ్రత్త పడతారు, కొలతకు విలువ ఉండదు.

5. రోజువారీ సాధన మాల లేకుండా చేయండి. నాలుగు వారాల పాటు వారానికి ఆరు రోజులు, రోజుకు పది నిమిషాలు చాలు. ముక్కుపుటాల దగ్గర గాలి తగిలే చోటునో, పొట్ట ఎగసిపడే కదలికనో ఒకదాన్ని ఎంచుకుని, నాలుగు వారాలూ దాన్నే పట్టుకోండి. లెక్క ఒకటి నుంచి తొమ్మిది, మళ్లీ ఒకటి. మనసు జారిందని తెలిసిన వెంటనే ఎక్కడికి పోయిందని ఆరా తీయకుండా, మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా ఒకటి దగ్గరికి రండి. శిక్షణ పొందుతున్నది ఈ "తెలిసిన" క్షణమే. మనసు నిలవడం, జారడం, జారిందని తెలియడం, తిరిగి రావడం అనే చక్రంలో మన చేతిలో ఉన్నవి చివరి రెండూ మాత్రమే. పది నిమిషాల్లో ఇరవైసార్లు జారి ఇరవైసార్లూ తెలుసుకున్నవారు ఆ రోజు సాధన బాగా చేసినట్టే.

6. వారానికి ఒకసారి మాల పరీక్ష పెట్టుకోండి. ఒకే సమయానికి చేయండి. ఒక వారం తెల్లవారుజామున, మరో వారం భోజనం చేసిన మధ్యాహ్నం చేస్తే మీరు కొలిచేది ధ్యాసను కాదు, కునుకును.

7. నాలుగో వారం చివర మూడు మాలలు చేయండి. వరుసగా మూడు రోజులు, పందెం లేకుండా చేయాలి. నాలుగో మెట్టులోని అలారం పరీక్షనూ రెండు రోజులు మళ్లీ చేయండి. పుస్తకం అదే రకం, సమయం అదే ఉండాలి.

ఎక్కడ తప్పు జరుగుతుంది

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు శ్వాసను నడపడం. మన ఇళ్లలో ప్రాణాయామం అలవాటు ఉన్నవారు లెక్క మొదలుపెట్టగానే తెలియకుండానే శ్వాసను సాగదీస్తారు. నెమ్మదైన శ్వాస హాయిగానే ఉంటుంది, దాని ఉపయోగం దానిది. కానీ శ్వాసను నడిపే పని మనసుకు దొరికితే గమనించే పని తేలికైపోతుంది. మీరు నడుపుతున్నారో లేదో తేల్చుకోవడానికి మాలకు పట్టిన సమయం చూడండి. నూట ఎనిమిది శ్వాసలకు పన్నెండు నిమిషాలు దాటుతుంటే దాదాపుగా నడుపుతున్నట్టే.

రెండవది లెక్క యాంత్రికం కావడం. నిత్యం జపం చేసేవారికి ఇది మరీ ఎక్కువ: చేయి పూసలు జరుపుతుంది, నోట్లో అంకెలు దొర్లుతాయి, మనసు మాత్రం రేపటి కరెంటు బిల్లు దగ్గర ఉంటుంది. ఇలాంటివారికి మార్కు పన్నెండుకు పన్నెండు వచ్చినా దానికి అర్థం లేదు. అనుమానం ఉంటే ఒక మాల తొమ్మిది నుంచి ఒకటికి వెనక్కి లెక్కపెట్టి చూడండి. మార్కు ఒక్కసారిగా పడిపోతే, అంతవరకు లెక్క అలవాటు మీద నడుస్తోందని అర్థం. అప్పటి నుంచి సాధనా పరీక్షా రెండూ వెనక లెక్కతోనే చేసి, మొదటి ఆరు రోజుల నమోదును కూడా మళ్లీ తీసుకోండి.

మూడవది దారం దగ్గర సర్దుకోవడం. దారం తగలగానే "ఆఁ, తొమ్మిదే" అనుకోవడం ఎవరికైనా తేలికే. అందుకే పూస జరిపే ముందే అంకె అనుకోవాలి, జరిపాక కాదు. నిద్ర ముంచుకొస్తే కళ్లు సగం తెరిచి నేల మీద ఒక చోట నిలపండి. అయినా తూగుతుంటే ఆ రోజు నిద్రపోవడమే సరైన పని. నిద్ర చాలనివారి ధ్యాసను ఏ సాధనా నిలబెట్టలేదు.

ఫలితాన్ని చదవడం: ఒక ఉదాహరణ

గ్రూప్-2 పరీక్షకు చదువుతున్న ఒక అభ్యర్థి నోటుపుస్తకంలో ఇలా ఉందనుకుందాం. అంకెలు వివరణ కోసం నేను వేసినవి.

సాధనకు ముందు మామూలు రోజుల్లో మార్కులు 5, 6, 5. పందెం రోజుల్లో 7, 8, 7. నాలుగు వారాల తరువాత 9, 10, 9. మామూలు రోజుల సగటు 5.3 నుంచి 9.3కు పెరిగింది గనుక నాలుగు మార్కుల మేలు జరిగిందని సంబరపడాలనిపిస్తుంది. అయితే అదే మనిషి ఏ సాధనా లేకుండా, రెండు వందల రూపాయల కోసం 7.3 తెచ్చుకున్నాడు. కాబట్టి నాలుగు మార్కుల్లో రెండు పట్టుదలతోనే వచ్చి ఉండవచ్చు. సాధన ఖాతాలో ధైర్యంగా వేయగలిగినవి మిగిలిన రెండే. మూడేసి మాలల సగటుల మధ్య రెండు మార్కుల కన్నా తక్కువ తేడా వస్తే దాన్ని యాదృచ్ఛికంగానే భావించండి, ఎందుకంటే ఏ మార్పూ లేకుండానే అంత హెచ్చుతగ్గులు వస్తుంటాయి.

మార్కు కన్నా గింజలు ఎక్కువ చెబుతాయి. మొదటి మూడు మామూలు మాలల్లో మొత్తం ఇరవై తప్పులు జరిగితే, వాటిలో పదమూడు శనగలు, ఏడు చింతపిక్కలు. చివరి మూడు మాలల్లో ఎనిమిది తప్పులు జరిగితే, రెండు శనగలు, ఆరు చింతపిక్కలు. అంటే అప్పట్లో మనసు జారిన ప్రతి మూడుసార్లలో ఒకసారి మాత్రమే అతనికి తెలిసేది. ఇప్పుడు నాలుగింటిలో మూడుసార్లు తెలుస్తోంది. మార్కు అంతగా పెరగకపోయినా శనగలు తగ్గి చింతపిక్కల పాలు పెరిగితే సాధన సరైన దారిలో ఉన్నట్టే లెక్క.

ఇక చదువు సంగతి. అలారం మోగిన పన్నెండుసార్లలో మనసు పేజీ మీద ఉన్నది అప్పుడు ఆరుసార్లు, ఇప్పుడు ఏడుసార్లు. ఇది మార్పు కాదు. శ్వాస లెక్కలో నేర్పు వచ్చింది, చదువులోకి అది వచ్చినట్టు మాత్రం ఇంకా కనబడలేదు. ఇలాంటి స్థితిలో శ్వాస సాధన సమయం పెంచుతూ పోవడం కన్నా, అదే నేర్పును పుస్తకం మీదికి తీసుకురావడం మంచిదని నా అభిప్రాయం. చదువుతూ మనసు జారిందని తెలిసిన ప్రతిసారీ మార్జిన్‌లో పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, ఆ పేరా మొదటికి వెళ్లండి.

పరిశోధన నిలిపే మాటలు, నిలపని మాటలు

చదువులోకి మార్పు ఎప్పుడూ రాదని దీని అర్థం కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా ప్రాంగణంలో 2013లో వెలువడిన అధ్యయనంలో, రెండు వారాల మైండ్‌ఫుల్‌నెస్ తరగతులకు వెళ్లిన విద్యార్థులు, పోషకాహార తరగతులకు వెళ్లినవారి కన్నా చదివి అర్థం చేసుకునే పరీక్షలో ముందుకు వెళ్లారు. ఆ మేలు మొదటి నుంచి ధ్యాస ఎక్కువగా చెదిరేవారిలోనే ప్రధానంగా కనిపించింది. పాల్గొన్నది 48 మందే కాబట్టి దీన్ని ఆశ కలిగించే ఫలితంగా తీసుకోవాలే తప్ప హామీగా కాదు. సుదీర్ఘ ధ్యాసకు సంబంధించి మరింత బలమైన ఫలితాలు 2010లో వచ్చాయి కానీ, అందులో పాల్గొన్నవారు మూడు నెలలు ఆశ్రమవాసం చేసి రోజుకు దాదాపు ఐదు గంటలు ధ్యానం చేశారు. ఆ ఫలితాన్ని చూపించి పది నిమిషాల యాప్‌ను అమ్మడం న్యాయం కాదు.

2014లో అమెరికాలో 47 ప్రయోగాలను కలిపి చేసిన సమీక్ష నిష్కర్ష కూడా తెలుసుకోదగినదే. ఆందోళన, దిగులు, నొప్పి విషయంలో ధ్యాన కార్యక్రమాలు ఓ మోస్తరు మేలు చేస్తాయని తేలింది. ధ్యాస, నిద్ర, బరువు విషయాల్లో మేలు చేస్తాయనడానికి చాలినంత ఆధారం లేదని తేలింది. వ్యాయామం, మందులు, ఇతర మానసిక చికిత్సల కన్నా ధ్యానం మెరుగని చూపే ఆధారం వారికి దొరకలేదు. మందులు వాడుతున్నవారు ఈ సాధన మొదలుపెట్టామని వాటిని ఆపకూడదనడానికి ఇంతకన్నా వేరే కారణం అక్కర లేదు.

"ఎనిమిది వారాల్లో మెదడు ఆకారమే మారిపోతుంది" అన్న ప్రచారానికి మూలం 2011లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం. అందులో ధ్యానం నేర్చుకున్నవారు 16 మంది. విస్కాన్సిన్ పరిశోధకులే 2022లో రెండు వందల మందికి పైగా వ్యక్తులతో, కచ్చితమైన పోలిక బృందాలతో చూసినప్పుడు ఎనిమిది వారాల కోర్సు వల్ల మెదడు నిర్మాణంలో మార్పేదీ కనిపించలేదు. బడిపిల్లలందరికీ దీన్ని నేర్పితే మేలన్న నమ్మకమూ ఇలాగే నిలవలేదు. బ్రిటన్‌లో 85 బడుల్లో, 8 వేల మందికి పైగా పిల్లలతో చేసిన భారీ ప్రయోగం 2022లో వెలువడింది. మామూలుగా జరిగే సామాజిక, భావోద్వేగ పాఠాల కన్నా మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు పిల్లల మానసిక ఆరోగ్యానికి అదనంగా మేలు చేయలేదు. మీ పిల్లల బడి ఇందుకోసం ప్రత్యేక రుసుము అడుగుతుంటే ఈ ఫలితాన్ని వారి ముందు పెట్టవచ్చు.

నాలుగు వారాల తరువాత

మూడు మాలల సగటు పందెం రోజుల సగటును రెండు మార్కులు దాటితే సాధన కొనసాగించండి. రోజుకు పది నిమిషాలే చాలు. దాటకపోయినా శనగలు స్పష్టంగా తగ్గితే మరో నాలుగు వారాలు ఇచ్చి చూడండి. రెండూ జరగకపోతే ఈ సాధన మీకు పనికి రాలేదని తీర్మానించి ఆ పది నిమిషాలను నడకకో నిద్రకో ఇచ్చేయడంలో తప్పేమీ లేదు. కొనసాగించేవారు మూడు నెలలకు ఒకసారి ఒక వారం సాధన ఆపి, ఆ వారం చివర మళ్లీ మూడు మాలలు చేయండి. మార్కు నిలబడితే నేర్పు మీదైనట్టు. మొదటి స్థాయికి పడిపోతే అంతవరకు కనిపించింది రోజూ చేయడం వల్ల వచ్చిన తాత్కాలిక ఫలితం మాత్రమే.